రిజెక్ట్ చేసిన కంపెనీకే మళ్లీ అప్లై చేయాలంటే రెజ్యూమేలో నిజంగా ఏం మారాలి?

"ఒకసారి రిజెక్ట్ అయ్యాను. రెజ్యూమే మార్చి మళ్లీ అదే కంపెనీకి పంపొచ్చా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. పంపొచ్చు. తప్పేమీ లేదు, చాలా కంపెనీలు అలా వచ్చినవాళ్లను తీసుకుంటాయి కూడా. కానీ అడిగినవాళ్ల కొత్త రెజ్యూమే తెరిచి చూస్తే చాలాసార్లు నాకు బాధేస్తుంది. ఫాంట్ మారి ఉంటుంది, పైన నాలుగు లైన్ల పరిచయం చేరి ఉంటుంది, "చేశాను" అన్నచోట "నాయకత్వం వహించాను" అని ఉంటుంది. లోపల మనిషి, పని మాత్రం అక్కడే ఉంటాయి.

నేను చాలాకాలం రెజ్యూమేలు చూసి షార్ట్‌లిస్ట్ చేసే పనిలో ఉన్నాను. అవతలివైపు ఏం కనిపిస్తుందో ముందు చెప్తాను, మిగతాదంతా దాన్నిబట్టే ఉంటుంది. మీరు అదే ఈమెయిల్‌తో మళ్లీ అప్లై చేస్తే, కంపెనీలు వాడే రిక్రూట్‌మెంట్ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం దాన్ని మీ పాత ప్రొఫైల్‌కే చేరుస్తాయి. మీరు ఇంతకుముందు ఏ ఉద్యోగాలకు అప్లై చేశారు, ఎప్పుడు, ఏ దశలో ఆగారు, అప్పటి రెజ్యూమే, ఒక్కోసారి అప్పటి నోట్స్ కూడా రిక్రూటర్‌కు ఒకేచోట కనిపిస్తాయి. అంటే ఈసారి మీ రెజ్యూమేను ఒంటరిగా చదవరు. పాతదాని పక్కన పెట్టి, "అప్పుడు వద్దనుకున్నాం, ఇప్పుడు ఏం మారింది?" అని చూస్తారు. ఆ ప్రశ్నకు జవాబు మొదటి పేజీ పైసగంలో కనబడాలి.

ఈ గైడ్ రెజ్యూమే దశలోనే, ఇంటర్వ్యూ దాకా వెళ్లకుండా ఆగినవాళ్ల కోసం. ఇంటర్వ్యూలో పోయినవాళ్లకు మొదటి స్టెప్‌లో రెండు మాటలు చెప్తాను.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మొదటిసారి పంపిన రెజ్యూమే, సరిగ్గా అదే ఫైలు. దాన్ని సరిదిద్దిన కాపీ పనికిరాదు. కంప్యూటర్‌లో దొరక్కపోతే కంపెనీ పోర్టల్‌లో లాగిన్ అయి చూడండి, చాలాచోట్ల అక్కడే ఉంటుంది.
- అప్పటి జాబ్ డిస్క్రిప్షన్. పోస్టింగ్ తీసేశాక సాధారణంగా అది కనబడదు. లేకపోతే అదే కంపెనీలో అలాంటి హోదాకే ఇప్పుడున్న పోస్టింగ్‌తో సరిపెట్టుకోండి. ఇకనుంచి మాత్రం అప్లై చేసిన రోజే పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి.
- రిజెక్షన్ మెయిల్, దాని తేదీ.
- ఇప్పుడు అప్లై చేయబోయే పోస్టింగ్, దాని జాబ్ ఐడీ.
- మీ పని గురించి ఏమీ తెలియని ఒక మనిషి, ఒక పది నిమిషాలు.

1. ఎక్కడ ఆగిందో తేల్చుకోండి

అప్లై చేసిన కొద్ది నిమిషాల్లోనో గంటల్లోనో రిజెక్షన్ వచ్చిందా? అయితే రెజ్యూమేను ఎవరూ తెరిచి ఉండకపోవచ్చు. అప్లికేషన్ ఫారంలో కొన్ని ప్రశ్నలుంటాయి: ఆ దేశంలో పని చేయడానికి అనుమతి ఉందా, ఇన్నేళ్ల అనుభవం ఉందా, ఫలానా లైసెన్సు ఉందా, ఆ ఊరికి రాగలరా. వీటిలో ఒకదానికి "లేదు" అంటే సాఫ్ట్‌వేరే పక్కన పెట్టేలా చాలా కంపెనీలు సెట్ చేసుకుంటాయి. అలాంటప్పుడు రెజ్యూమే ఎంత మార్చినా ఫలితం మారదు. ఆ జవాబు మారే పరిస్థితి వస్తేనే మళ్లీ అప్లై చేయాలి. పొరపాటున తప్పు నొక్కి ఉంటే మాత్రం రిక్రూటర్‌కు రాసి చెప్పండి. కొన్ని కంపెనీలు మెయిల్‌ను కావాలనే ఆలస్యంగా పంపుతాయి కాబట్టి సమయం ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. ఆ ప్రశ్నలకు మీరేం జవాబిచ్చారో కూడా గుర్తు చేసుకోండి.

కొన్ని రోజులకో వారాలకో వస్తే, ఎవరో ఒకరు చూసి ఉండే అవకాశం ఎక్కువ. "ఈ పోస్టు భర్తీ అయింది" అనో "పోస్టింగ్ మూసేశాం" అనో ఉంటే మీలో లోపమే ఉండకపోవచ్చు. అప్పటికే ఇంటర్వ్యూలు మొదలై ఉంటాయి, లేదా లోపలి మనిషికే ఇచ్చి ఉంటారు. అలాంటప్పుడు రెజ్యూమేను కిందామీదా చేయొద్దు. తర్వాతి పోస్టింగ్ వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లోనే పంపండి.

ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగినవాళ్లకు: మీ రెజ్యూమే తన పని తాను చేసింది, దాన్ని తిరగరాయడం వృథా. ఏ రౌండ్‌లో ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో ఆ విషయంలో కొత్తగా చేసిన పని ఒకటి చేర్చండి, చాలు. కంపెనీ చెప్పిన కూలింగ్ పీరియడ్, అంటే మళ్లీ అప్లై చేసేముందు ఆగాల్సిన కాలం, పూర్తయ్యాక అప్లై చేయండి.

2. లోపం కాగితంలో ఉందా, పనిలో ఉందా?

అసలు స్టెప్ ఇదే, కాబట్టి తొందరపడకండి.

జాబ్ డిస్క్రిప్షన్‌లో మొదట రాసిన మూడు నాలుగు అర్హతలు తీసుకోండి. సాధారణంగా అసలైనవి పైనే ఉంటాయి, కిందివి ఉంటే మంచిదన్న కోరికలు. ఒక్కో అర్హత చదివి, పాత రెజ్యూమేలో దానికి రుజువుగా ఉన్న లైను మీద వేలు పెట్టండి. "స్కిల్స్" కింద రాసిన ఒంటిమాట రుజువు కాదు. ఆ పని మీరు ఎక్కడ, దేనికోసం చేశారో చెప్పే లైను కావాలి. మూడు రకాల ఫలితాలు వస్తాయి:

- వేలు పెట్టడానికి లైను ఉంది. దాన్ని కదిలించకండి.
- పని చేశారు, కానీ లైను లేదు. ఇది కాగితం లోపం. తిరగరాస్తే సరిపోతుంది.
- పనే చేయలేదు. ఇది పని లోపం. ఏ మాటలు వాడినా ఇది పూడదు.

నాకు తెలిసిన ఒకమ్మాయి విషయం చెప్తాను. ఒక పంపిణీ సంస్థ అకౌంట్స్ విభాగంలో రెండేళ్లుగా పని చేస్తోంది. ఒక కంపెనీలో డేటా అనలిస్ట్ ఉద్యోగానికి అప్లై చేసింది, తొమ్మిది రోజులకు రిజెక్ట్ అయింది. రెజ్యూమే మార్చి అలాంటి ఇంకో పోస్టుకు పంపింది, ఈసారి రెండు రోజుల్లోనే వద్దన్నారు. అప్పుడు టెన్షన్‌తో ఆ రెండు ఫైళ్లూ నాకు పంపింది. ఇద్దరం కూర్చుని వేలు పెట్టి చూశాం.

ఆ పోస్టింగ్‌లో పైన ఉన్నవి మూడు: డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌తో డేటా తీయడం, వేర్వేరు చోట్ల నుంచి వచ్చే డేటాను శుభ్రం చేయడం, డాష్‌బోర్డ్ తయారుచేసి మేనేజర్లకు వివరించడం. ఎస్‌క్యూఎల్ అన్న మాట స్కిల్స్‌లో ఉంది గానీ, ఒక కోర్సులో నేర్చుకోవడమే తప్ప ఉద్యోగంలో ఒక్క క్వెరీ కూడా రాయలేదు. అది పని లోపం. డేటా శుభ్రం చేయడం గురించి రెజ్యూమేలో ఒక్క ముక్కా లేదు. అడిగితే తెలిసింది, రెండేళ్లుగా ప్రతి నెలాఖరూ ఆమె చేసేదే అది! 14 బ్రాంచీల నుంచి ఎక్సెల్ ఫైళ్లు వస్తాయి, ఒకే కస్టమర్ పేరు మూడు రకాలుగా రాసి ఉంటుంది, ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు నమోదై ఉంటుంది. వాటన్నిటినీ కళ్లతో వెతికి సరిచేస్తుంది. "అది మామూలు పనే కదా అని రాయలేదండీ" అంది. అచ్చమైన కాగితం లోపం. డాష్‌బోర్డ్ విషయంలో సగం సగం: ఎక్సెల్‌లో చార్టులు చేసేది, మేనేజర్ ప్రతి నెలా వాటిని చూసేవారు.

రోజూ చేసే పని మనకు పనిలా కనిపించదు. చాలామంది రెజ్యూమేల్లో అసలు విలువైనది రాయకుండా వదిలేసేది ఇందుకే.

3. ఎంతకాలం ఆగాలో లెక్క వేసుకోండి

కంపెనీ కెరీర్స్ పేజీలోనో రిజెక్షన్ మెయిల్‌లోనో గడువు చెప్పి ఉంటే అదే మాట. ఇంటర్వ్యూ తర్వాత అయితే ఆరు నెలలు, ఏడాది అనడం మామూలే. రెజ్యూమే దశలో ఆగినవాళ్లకు చాలాచోట్ల గడువేమీ ఉండదు.

గడువు లేనప్పుడు రెండో స్టెప్ ఫలితమే మీ క్యాలెండర్. అంతా కాగితం లోపమే అయితే, కొత్త జాబ్ ఐడీతో సరైన పోస్టింగ్ కనబడగానే పంపొచ్చు, వారం గడిచినా చాలు. ముఖ్యమైన అర్హతలో పని లోపం ఉంటే ఆ పని చేసి, ఫలితం కనబడేదాకా ఆగాలి. కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే చేర్చి పరుగెత్తొద్దు. సర్టిఫికెట్ మీరు నేర్చుకున్నారని చెప్తుంది, చేశారని చెప్పదు. ఉద్యోగంలో అవకాశమే లేకపోతే బయట ఒక చిన్న పని పూర్తిగా చేసి చూపించినా నయం.

ఆ అమ్మాయి తన మేనేజర్ అనుమతి తీసుకుని ఆ 14 ఫైళ్లనూ ఎస్‌క్యూఎల్‌లైట్ డేటాబేస్‌లోకి ఎక్కించింది. అది ఉచితం, కంప్యూటర్‌లో ఒకే ఫైలుగా ఉంటుంది. రెండుసార్లు పడిన ఇన్‌వాయిస్‌లను పట్టుకునే క్వెరీ రాసింది. మొదటి నెల కుదరలేదు, రెండో నెల పాత పద్ధతితో పోల్చి చూసుకుంది, మూడో నెల నుంచి దాని మీదే రిపోర్టు ఇచ్చింది. అన్నీ కలిపి నాలుగు నెలలు పట్టింది.

ఒక హెచ్చరిక: మూతపడని అదే జాబ్ ఐడీకి వారంలోనే మళ్లీ పంపే ప్రయత్నం చేయొద్దు. చాలా పోర్టల్స్ అసలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా అదే మనిషి, అదే జవాబు.

4. మారవలసిన లైన్లు మాత్రమే తిరగరాయండి

రెజ్యూమే మొత్తం కొత్తగా రాయకండి. రెండో స్టెప్‌లో వేలు ఆగిపోయిన చోట్ల మాత్రమే రాయండి. ఆమె మూడుసార్లు రాసిన ఒకే లైను చూడండి (ఇంగ్లిష్‌లో రాసింది, ఇక్కడ తెలుగులో చెప్తున్నాను).

మొదటిది: "సేల్స్ రిపోర్టులు తయారుచేయడం, డేటా నిర్వహణ బాధ్యతలు."

రెండోది: "డేటా క్లీనింగ్, డేటా విశ్లేషణ, రిపోర్టింగ్‌లో బలమైన నైపుణ్యం, ఎస్‌క్యూఎల్, డాష్‌బోర్డులపై పట్టు."

మూడోది: "14 బ్రాంచీల నుంచి నెలనెలా వచ్చే ఎక్సెల్ ఫైళ్లను ఒకే డేటాబేస్‌లోకి చేర్చి, రెండుసార్లు నమోదైన ఇన్‌వాయిస్‌లను ఎస్‌క్యూఎల్ క్వెరీతో పట్టుకునే పద్ధతి పెట్టాను. నెలాఖరు రిపోర్టుకు పట్టే సమయం 3 రోజుల నుంచి ఒక పూటకు తగ్గింది."

రెండోదానిలో జాబ్ డిస్క్రిప్షన్ మాటలన్నీ ఉన్నాయి, అయినా పక్కన పెట్టారు. ఆ మాటలు వెతుకులాటలో మీ పేరును పైకి తేవచ్చు. తెరిచిన మనిషికి మాత్రం చదవడానికి ఏమీ దొరకదు. మూడోదానిలో ఎంత డేటా, ఏం చేసింది, ఏం మారింది అన్నీ ఉన్నాయి. పైగా ఆ లైను చదివితే ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది. అలా అడగాలనిపించిందంటే ఫోన్ వచ్చే దారి పడినట్టే.

మీ దగ్గర అంకె లేకపోతే కల్పించకండి. "ఎన్ని, ఎంత తరచుగా, ఎవరికోసం" అన్నది రాసినా లైను బలపడుతుంది. కంపెనీ రహస్య లెక్కలు, కస్టమర్ల పేర్లు రాయొద్దు.

రాశాక ఆ లైన్లను మొదటి పేజీ పైసగంలోకి తీసుకురండి. ఆమె చార్టుల సంగతి కూడా ఒక లైనుగా రాసింది, అది రెండో పేజీలో ఉండిపోయింది. దాన్ని పైకి తేవడానికి పాత కాలేజీ ప్రాజెక్టు ఒకటి తీసేయాల్సి వచ్చింది.

5. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చదవండి

రిక్రూటర్ చేసే పనే మీరు ముందు చేయండి. తేదీలు, హోదాలు, కంపెనీ పేర్లు రెండింటిలో ఒకేలా ఉండాలి. మొదటిసారి "అకౌంట్స్ అసిస్టెంట్" అని రాసి, అదే కాలానికి ఇప్పుడు "డేటా అనలిస్ట్" అని రాస్తే అక్కడే నమ్మకం పోతుంది. హోదా అసలుదే ఉంచి, చేసిన పనిని కింద రాయండి. మొదటిసారి నిజంగా తప్పు రాసి ఉంటే సరిచేయండి, అడిగితే తప్పు జరిగిందని సూటిగా చెప్పండి.

పాత రెజ్యూమే కనబడకూడదని కొత్త ఈమెయిల్‌తో అప్లై చేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయొద్దు. ఫోన్ నంబరు, పేరు, పనిచేసిన చోట్లు చూస్తే తెలిసిపోతుంది, అప్పుడు దాచారన్న మచ్చ మిగులుతుంది. తెల్లటి అక్షరాల్లో జాబ్ డిస్క్రిప్షన్ మాటలు దాచడం కూడా అలాంటిదే. సాఫ్ట్‌వేర్ రెజ్యూమేను మామూలు టెక్స్ట్‌గా మార్చినప్పుడు అవన్నీ బయటపడతాయి.

ఇప్పుడు ఆ పది నిమిషాల మనిషిని పిలవండి. మొదటి పేజీని ఇరవై సెకన్లు చూపించి తిప్పేయండి. "ఈ మనిషి ఏం పని చేస్తారు? గుర్తున్న ఒక్క విషయం చెప్పండి" అని అడగండి. వాళ్లు చెప్పింది మీరు కొత్తగా చేర్చిన విషయమైతే మార్పు కనబడుతోందన్నమాట. "ఏదో అకౌంట్స్ అనుకుంటా" అంటే మళ్లీ నాలుగో స్టెప్‌కు వెళ్లండి.

6. ఫైలునూ పోర్టల్‌నూ సరిచూడండి

రెండు నిలువు వరుసల డిజైన్లు, టేబుల్స్ ఉన్న రెజ్యూమేలను కొన్ని సాఫ్ట్‌వేర్లు తికమకగా చదువుతాయి. పీడీఎఫ్ తెరిచి అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. కమాండ్లు అలవాటున్నవాళ్లు, `pdftotext` ఇన్‌స్టాల్ అయి ఉంటే, ఇలా చూడొచ్చు:

```
pdftotext resume.pdf -
```

ఒక ఉద్యోగం తేదీలు ఇంకో ఉద్యోగం పక్కన పడినా, ఫోన్ నంబరు మాయమైనా డిజైన్‌ను ఒకే వరుసలోకి మార్చండి.

తర్వాత పోర్టల్. ఇక్కడ జరిగే పొరపాటు వల్ల అంత కష్టమూ వృథా అయిపోవడం చూశాను. పాత అకౌంట్‌తో లాగిన్ అయితే పోయినసారి నింపిన వివరాలు అలాగే ఉంటాయి. వర్క్‌డే అనే సాఫ్ట్‌వేర్ వాడే కంపెనీల్లో `Use My Last Application` అనే బటన్ కనబడుతుంది. సులువుగా ఉంటుందని అది నొక్కితే పాత ఉద్యోగ వివరాలే మళ్లీ వచ్చేస్తాయి. దాన్ని వదిలేసి కొత్త రెజ్యూమేతోనే నింపండి. ఒక్కో ఉద్యోగం కింద ఉన్న వివరణ కూడా కొత్తదే వచ్చిందో లేదో చదవండి. పాత ఫైలు జతగా ఉంటే తీసేయండి. "ఇంతకుముందు అప్లై చేశారా?" అని అడిగితే "అవును" అనే చెప్పండి. సబ్మిట్ నొక్కేముందు వచ్చే రివ్యూ పేజీని పైనుంచి కిందిదాకా చూడండి.

7. మారిందేమిటో ఒక చిన్న మెసేజ్‌లో చెప్పండి

ఆ కంపెనీలో తెలిసినవాళ్లు ఉంటే రిఫరల్ అడగడం సబ్మిట్ చేయకముందే జరగాలి. మీరు నేరుగా అప్లై చేసేశాక ఆ పోస్టుకు రిఫరల్ చెల్లదనే కంపెనీలు చాలా ఉన్నాయి. ఎవరూ లేకపోతే, రిక్రూటర్ ఎవరో తెలిసినప్పుడు నాలుగు లైన్లు రాయండి. ఆమె రాసింది దాదాపు ఇలా ఉంది:

"నమస్తే అండీ. ఐదు నెలల క్రితం మీ డేటా అనలిస్ట్ పోస్టుకు అప్లై చేశాను, అప్పుడు ఎంపిక కాలేదు. ఆ తర్వాత మా ఆఫీసులో 14 బ్రాంచీల సేల్స్ డేటాను ఎస్‌క్యూఎల్ మీదికి మార్చాను, రెండు నెలలుగా నెలాఖరు రిపోర్టు దాని మీదే నడుస్తోంది. ఇప్పుడు వచ్చిన పోస్టుకు కొత్త రెజ్యూమేతో అప్లై చేశాను. వీలైతే చూడగలరు."

ఎందుకు రిజెక్ట్ చేశారని నిలదీయొద్దు, ఎంత ఇష్టమో వివరించొద్దు. ఒక్కసారి పంపండి. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఇంకొక్కసారి, అంతే.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఉద్యోగం వచ్చిందా లేదా అన్నదానితో మాత్రమే కొలవకండి. పోయినసారి రెజ్యూమే దశలో ఆగి, ఈసారి ఫోన్ కాల్ దాకా వెళ్తే రెజ్యూమే మార్పు పని చేసినట్టే. ఆ తర్వాత ఆగితే సరిచేయవలసింది వేరే ఉంటుంది. అదే దశలో మళ్లీ ఆగితే, అదే రెజ్యూమేను అలాంటి ఉద్యోగాలకు మరో ఐదారు కంపెనీలకు పంపి చూడండి. అక్కడ కాల్స్ వస్తుంటే లోపం రెజ్యూమేలో లేదు, ఈ కంపెనీ వెతికే మనిషి వేరు. దీన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. అక్కడా రాకపోతే మళ్లీ వేలు పెట్టే పరీక్షకే రావాలి.

కాల్‌లో అడిగే ప్రశ్నలు కూడా గమనించండి. మీరు కొత్తగా రాసిన లైను మీద ప్రశ్న వస్తే అది చదివారన్నమాట. ఆమెకు పదకొండో రోజు ఫోన్ వచ్చింది. పలకరింపుల తర్వాత మొదటి ప్రశ్న, "ఇన్‌వాయిస్ రెండుసార్లు పడిందని ఎలా గుర్తుపట్టారు, నంబరు ఒకటే అయితే చాలా?" చాలదని చెప్పింది. బ్రాంచీలు ఎవరికివాళ్లు ఒకటి నుంచి నంబర్లు వేసుకుంటారు కాబట్టి బ్రాంచి, నంబరు, తేదీ, ఇన్‌వాయిస్ మొత్తం, ఈ నాలుగూ కలిస్తేనే ఒకటిగా లెక్కేశానని, మొదటి నెల కుదరకపోవడానికి కారణం నంబరు ఒక్కటే చూడటమేనని వివరించింది. ఆ ఒక్క లైను మీదే పావుగంట మాట్లాడుకున్నారు, తర్వాతి రౌండ్‌కు పిలిచారు.